చుక్క వేయకముందు చూసిన కన్ను

మా కంటి ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆవిడ చుక్కలమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని ఒక్కటే. బెంచీ మీద కూర్చున్న రోగుల కంట్లో, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, కారింది దూదితో తుడిచి, అరగంట కళ్ళు మూయించి, వరసగా మా గదిలోకి పంపడం. ఎవరైనా కళ్ళు తెరిచారో, "మూయండి, మూయండి! ఇక్కడ చూడ్డానికేముంది, నా మొహమేగా?" అని గదమాయించేది. బెంచీ అంతా నవ్వేది.

నేను ఆ ఆసుపత్రిలో చేరి అప్పటికి రెండేళ్ళు. డాక్టర్నన్న గీర కాస్త ఎక్కువే ఉండేది. చుక్కలమ్మ నన్ను "డాక్టరమ్మా" అనే పిలిచేది, కానీ ఆ మాటలో భయమూ భక్తీ ఏమీ ఉండేవి కావు. పొద్దున్న టిఫిన్ మానేసి వస్తే, రోగి ముందే చీవాట్లు పెట్టేది.

ఆ వారం ఊళ్ళో కళ్ళకలకలు. ఎర్రకళ్ళవాళ్ళతో బెంచీలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఆ గుంపులోనే గడియారాలు బాగుచేసే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, కుడి కన్ను ఎర్రగా ఉంది. నా గదిలోకి వచ్చేసరికి చుక్కలు పడి ముప్పావుగంట అయింది. మిషన్ ముందు కూర్చోబెట్టి చూస్తే ఎరుపు పెద్దగా లేదు. ఊసులు లేవు, చూపు బాగానే ఉంది.

"నొప్పి ఉందాండీ?" అన్నాను.

"ఉందమ్మా. రోజంతా కంటికి భూతద్దం బిగించుకుని పనిచేస్తాను కదా, అది నొక్కుకుపోయి ఉంటుంది."

కారణం ఆవిడే చెప్పేసింది, నేను హాయిగా నమ్మేశాను. తెల్లగుడ్డు మీది పలచటి పొర వాచిందని, దాన్ని ఎపిస్క్లెరైటిస్ అంటారని, చూడ్డానికి భయంగా ఉన్నా వారం పది రోజుల్లో దానంతటదే పోతుందని చెప్పి, చల్లటి చుక్కలు రాసి పంపించాను. ఆవిడ లేచేటప్పుడు కుర్చీ చేతిని వేళ్ళతో కాకుండా మణికట్టుతో ఆనుకుని లేచింది. చూశాను, పట్టించుకోలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆరో రోజు పొద్దున్న నేను మిషన్ తుడుచుకుంటున్నాను. తలుపు ధడాలున తెరుచుకుంది. చుక్కలమ్మ! చేతిలో సీసా మూత కూడా తీయలేదు.

"డాక్టరమ్మా, ఒక్కసారి వరండాలోకి రా. ఇప్పుడే రా."

"గదిలోకే పంపించు, చూస్తాను."

"ఈ లైటు కింద నీకు కనపడదు. లేస్తావా, లాక్కుపోనా?"

లేచాను. వరండా చివర పెద్ద కిటికీ దగ్గర గడియారాల ఆవిడ నిలబడి ఉంది. పక్కన వాళ్ళ ఆడపడుచు ఆవిడ భుజం పట్టుకుని ఉంది. చుక్కలమ్మ పైరెప్ప ఎత్తింది. పగటి వెలుతురు నేరుగా కంటి మీద పడింది.

అది ఎరుపు కాదు. ఎరుపు అడుగున నీలం కలిసిన వంకాయ రంగు.

"చుక్కలు వేద్దామని రెప్ప మీద వేలు ఆనించానో లేదో, కెవ్వుమంది" అంది చుక్కలమ్మ. "కళ్ళకలకకి ఇలా అరవరు. నేనెంతమంది రెప్పలు ఎత్తలేదు!"

"నొప్పి ఎలా ఉంది, సరిగ్గా చెప్పండి" అన్నాను. ఈసారి నా నోరు మూసుకుని విన్నాను.

"లోపల కూర్చుని ఎవరో బరమాతో తొలుస్తున్నట్టుంది తల్లీ. కణతకి, దవడకి పాకుతోంది. తెల్లవారుజామున నొప్పికే మెలకువ వస్తోంది. కన్ను తిప్పితే ప్రాణం పోతోంది."

"ఒంట్లో ఇంకేమైనా జబ్బుందా?"

ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది. ఆడపడుచు అందుకుంది. "చెప్పు వదినా! ఆరేళ్ళనుంచి కీళ్ళవాతం డాక్టరుగారూ. పొద్దున్న లేస్తే గంటన్నర వేళ్ళు ముడుచుకోవు. వారానికోసారి మింగే మాత్ర ఇచ్చారు. వేళ్ళు తేలికపడ్డాయని మూడు నెలల క్రితం మానేసింది."

"ఇది కంటి ఆసుపత్రి కదా, కీళ్ళ సంగతి ఇక్కడెందుకని..." అని నసిగింది ఆవిడ.

నాకు ఒక్కసారిగా అన్నీ కలిశాయి! మణికట్టుతో లేవడం, రంగు, నొప్పి, అన్నీ. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ కీళ్ళతో ఆగే జబ్బు కాదు. కంటిని కాపాడే గట్టి తెల్లటి గోడ మీద కూడా పడుతుంది. అదే స్క్లెరైటిస్. వదిలేస్తే ఆ గోడ పలచబడుతుంది, చూపే పోవచ్చు. నేను వారంలో పోతుందన్న పై పొర వాపుకీ దీనికీ పోలికే లేదు.

అయినా పరీక్ష చేసి తేల్చుకోవాలి. గదిలోకి తీసుకెళ్ళి, నొప్పి తెలియకుండా చేసే చుక్క వేసి, ఎర్రబడ్డ చోట దూది పుల్లతో మెల్లగా కదిపాను. పై రక్తనాళాలు పుల్లతోపాటు జరిగాయి. అడుగున ఉన్నవి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. తర్వాత రక్తనాళాలను కుదించే చుక్క వేశాను. పై పొర వాపే అయితే దీనికి ఎరుపంతా పోవాలి.

"పది నిమిషాలు చూడాలి" అన్నాను.

చుక్కలమ్మ తన చేతి గడియారం చూసింది. గడియారాల ఆవిడ కన్ను మూసుకునే, "మీది కాస్త వెనకబడింది. టిక్కు తడబడుతోంది, వినపడుతోంది" అంది. అంత నొప్పిలోనూ! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పది నిమిషాలకి మళ్ళీ కిటికీ దగ్గరికి పరుగు. పైపై ఎరుపు మాయమైంది. అడుగున వంకాయ రంగు అలాగే నిలబడి ఉంది.

"అదే! స్క్లెరైటిసే!" అని కేకేశాను. వరండా అంతా తిరిగి చూసింది. మరుక్షణం ఇంకోటి తట్టింది. మొదటి రోజు ఆవిడ కంట్లో పడ్డ పాప పెద్దదయ్యే చుక్కల్లో ఇదే మందు ఉంది. పైన ఎరుపు తగ్గిపోయాక నేను చూశాను. అడుగున ఏముందో ట్యూబ్‌లైటు కింద, హడావిడిలో చూడనేలేదు.

చుక్కలమ్మకీ తట్టింది. "ఆ రోజు ఆ చుక్క వేసింది నేనే కదా డాక్టరమ్మా."

"నువ్వు వేయాల్సింది వేశావు. అడగాల్సింది నేను అడగలేదు. తప్పు నాదే" అన్నాను. ఆ మాట రోగి ముందు అనేసరికి నా గీర అంతా దిగిపోయింది. దిగిపోతే ఎంత తేలికగా ఉందో!

కంటిపాప పెద్దదయ్యాక లోపలంతా వెతికాను. నల్లగుడ్డు అంచు గట్టిగానే ఉంది, వెనక వాపు లేదు. ఆనందం పట్టలేకపోయాను. వెంటనే ఆవిడకి వైద్యం చేసే కీళ్ళ డాక్టరుకి ఫోను చేశాను. "కంటిదాకా వచ్చిందంటే ఒళ్ళంతా రాజుకుంటోందన్నమాట. ఇవాళే పంపు" అన్నారాయన. రక్తం, మూత్రం పరీక్షలు, చక్కెర, రక్తపోటు చూసి, స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. వారానికోసారి మింగే ఆ మాత్ర మళ్ళీ వేయించారు. చుక్కలతో పోయే జబ్బు కాదిది, కడుపులోకి వెళ్ళాల్సిందే.

వెళ్ళేముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "వేళ్ళు ఎలాగూ సగం పోయాయి తల్లీ. ఈ కన్నొక్కటి మిగిల్చు. భూతద్దం ఎడమ కంటికి నాకు పట్టుబడదు."

మాటివ్వలేకపోయాను. నాలుగో రోజుకి తెల్లవారేదాకా నిద్రపోయిందని ఆడపడుచు ఫోను చేసింది. నేనూ చుక్కలమ్మా వరండాలో చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతాం. ఆ రోజే గోడ మీద కాగితం అంటించాం. ఎర్రకన్ను ఏదైనా సరే, ముందు కిటికీ, తర్వాతే చుక్క. అక్షరాలు చుక్కలమ్మవే, వంకరటింకరగా.

ఐదు వారాలకి ఆవిడ వచ్చింది. కిటికీ దగ్గర రెప్ప ఎత్తి చూశాను. తెలుపు! వాపు పోయింది. అక్షరాల పట్టీని ఆవిడ పై వరస నుంచి కింది వరస దాకా చదివేసింది. మాత్రలు చాలాకాలం వాడాలని, మళ్ళీ మానేస్తే ఊరుకోనని బెదిరించాను.

"నన్ను తర్వాత తిట్టుకోవచ్చు. ముందు ఆ గడియారం ఇటివ్వండి" అని చుక్కలమ్మ వైపు చెయ్యి చాపింది.

అక్కడే బెంచీ మీద కూర్చుని, గడియారం వెనక మూత తీసి, సంచీలోంచి భూతద్దం తీసింది. ఒక్క క్షణం ఆగింది. కుడి కంటికి బిగించుకుంది. మొహం చిట్లించలేదు.

"ఇరవై ఏళ్ళ దూది పోగులున్నాయి ఇందులో" అంది, తల ఎత్తకుండా. "ఒక్కొక్కటీ కనిపిస్తోంది."