మూర్ఛ మాత్ర తగ్గించమన్న ఉత్తరం

మూర్ఛకు మాత్రలు మొదలుపెట్టాక మా ఆయన నన్ను కొట్టసాగాడు. అంతకుముందు ఎన్నడూ చెయ్యెత్తి ఎరగడు. చారులో ఉప్పు తక్కువైందని రోకలితో కొట్టి నా ఎడమ చెయ్యి విరిచాడు. మా అత్త, "ఆ మాత్రలన్నీ బావిలో పారేస్తానుండు" అనింది.

తిరుపతిలో నరాల డాక్టరు ఆయన్ను మొదటిసారి చూసి, పాకాలలోని మా డాక్టరుకు ఉత్తరం రాసిచ్చాడు. అది తనను పిచ్చాసుపత్రికి పంపే కాగితమని మా ఆయన అనుకున్నాడు. పాకాల డాక్టరు దాన్ని విప్పగానే మా ఆయన అతని గొంతు పట్టుకుని గోడకు నెట్టాడు. అడ్డమొచ్చిన కాంపౌండరు ముక్కు పగలగొట్టాడు. బల్లంతా రక్తం.

"సంపేస్తా! ఏం రాసినారో సదువు!"

డాక్టరు దగ్గుతూనే చదివాడు. "నీ జబ్బు మూర్ఛేనప్పా. ఈ కోపం మాత్రం ఇప్పుడు మింగతా ఉండే మాత్ర వల్ల కావచ్చునంట. ఒక్కసారిగా ఆపితే ఫిట్సు ముదురుతాయి. దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తా, కొత్తది పెంచాల. రక్త పరీక్ష నేను చేయించాల. నెలకు తిరుపతి వాళ్లు మళ్లీ చూస్తారు. నువ్వు బండి తోలకూడదు, బావి దగ్గరికి పోకూడదు. మళ్లీ కొడితే ఆయమ్మ వేరే ఇంట్లో ఉండి నాకు చెప్పాల."

మా ఆయన డాక్టరు గొంతు వదిలేశాడు. నా చేతికట్టు చూస్తూ, "మాత్రనా?" అన్నాడు.

"బావిలో ఏసుంటే ఏమయ్యేదో" అని మాతో వచ్చిన అత్త గొణిగింది.

సాయంత్రం ఒంటిచేత్తో మాత్రను సగం చేయడం నాకు చేతకాలేదు. ఆయనే చేసుకున్నాడు. రోకలిని మాత్రం మా అన్న ఇంటికి పంపించేశాను.