స్వీటీ పెట్టని నాలుగు వందల పది సూదులు

శ్రవణ్‌కుమార్ ఆడిన అబద్ధం నాసిరకం. ఈ మాట అనే హక్కు నాకుంది. ఇంటర్ రెండో ఏడాది నేను కాలేజీ మానేసిన రోజు, నన్ను ఆపడానికి ప్రిన్సిపాల్ నా ఆటో వెనక చార్మినార్ దాకా పరుగెత్తాడని పదేళ్లుగా చెబుతున్నాను. అప్పటికి నాకు ఆటోనే లేదు కదా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అబద్ధమంటే అలా ఉండాలి, వినేవాడికి లెక్కపెట్టే బుద్ధి పుట్టకూడదు. శ్రవణ్‌కుమార్ మాత్రం అంకె వేశాడు. అదీ, అంకెలు తప్ప ఇంకేదీ నమ్మని మనిషి చేతికి వెళ్లే కాగితం మీద.

లాల్‌దర్వాజాలో అతని దుకాణం ఒకప్పుడు జిరాక్స్ సెంటర్. రెండు కుర్చీలు, ఒక కూలర్ వచ్చాక అది ‘కెరీర్ సొల్యూషన్స్’ అయింది. పరిష్కారం ఏమిటంటే, ఎప్పుడో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు టైపు చేయించుకున్న అప్లికేషన్ లెటర్ ఇప్పటికీ ఆ కంప్యూటర్లో ఉంది. ఏసీ మెకానిక్ వచ్చినా, బడి పంతులమ్మ వచ్చినా పేరు మార్చి అదే ఇస్తాడు. మా బస్తీలో సగం మంది, కాగితం మీద చూస్తే, ఒకే మనిషి.

స్వీటీ వాళ్లది మా ఇంటికి మూడో ఇల్లు. వాళ్ల నాన్న ఇశ్రాయేలు ఆర్టీసీ డిపోలో మెకానిక్. బస్సు ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలడు కానీ, ఇంగ్లిషు కాగితం చూస్తే చెప్పులు విప్పి నిలబడే రకం. స్వీటీ నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివింది. మేం పండగలకు డప్పులు కొట్టి గొంతులు పోగొట్టుకునే రోజుల్లో కూడా తెల్ల కోటు సంచిలో పెట్టుకుని బస్సు ఎక్కేది. పరీక్షలు పాసయింది, నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ తెచ్చుకుంది. మలక్‌పేటలో ఒక పిల్లల ఆసుపత్రి వార్డులో నర్సులు కావాలని తెలిసి, అదే కావాలంది. దొరక్కపోతే ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను చూసుకునే ఏజెన్సీ ఒకటి ఆమె ఫోన్ నంబరు పట్టుకుని కూర్చుంది. ఒకసారి అక్కడ చేరితే పిల్లల వార్డులో నేర్చుకున్నది చేతుల్లోంచి జారిపోతుందని ఆమె భయం.

ఆ ఉద్యోగానికి అప్లికేషన్ లెటర్ తనే రాసింది. టైపు చేయించడానికి తీసుకెళ్లినప్పుడు నేను కూలర్ ముందు కూర్చుని ఉన్నాను. చదివి వినిపించింది. ఇంగ్లిషులో ఉన్నా నాకు అర్థమయ్యేంత సాదాగా ఉంది: మూడో ఏడాదిలో పిల్లల వార్డులో ఆరు వారాలు, పసిగుడ్ల యూనిట్లో రెండు వారాలు. బస్తీ దవాఖానాలో టీకాల రోజులు ఎనిమిది. బరువు చూసి మందు డోసు లెక్క కట్టి, ఇంకో నర్సుతో సరిచూయించుకోవడం వచ్చు. నోటితో చప్పరించలేని బిడ్డకు ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం వచ్చు. పిల్లలకు సెలైన్ కోసం నరంలో సన్న గొట్టం, అదే కాన్యులా, పెట్టేటప్పుడు కదలకుండా పట్టుకుని సాయం చేసింది నలభై ఒక్క సార్లు. వార్డు సిస్టర్ పక్కనుండగా తానే పెట్టింది మూడు. తల్లులతో తెలుగులోనూ, ఉర్దూలోనూ మాట్లాడగలదు.

శ్రవణ్‌కుమార్ మొహం చిట్లించాడు.

“సిస్టర్, గిది లెటరా, సరుకుల చిట్టీనా? పట్టుకున్న, పట్టుకున్న అంటున్నవ్. పట్టుకునేటందుకు జాబ్ ఇస్తరా? సాయం చేసిన అంటే ఆయమ్మ అనుకుంటరు.”

“అన్నా, పిల్లగాడు కదిలితే నరం దొరకదు. రెండుసార్లు గుచ్చాల్సి వస్తది. నేను పట్టుకుంటే మా సిస్టర్‌కు ఒక్కసారికే దొరికేది.”

“గదంతా వాళ్లకెందుకు? ‘సాయం చేసిన’ తీసేసి ‘చేసిన’ అని పెడుత. నలభై ఒకటి పక్కన సున్నా పెడుత. నాలుగు వందల పది. చూడనీకి మస్తుంటది.”

“వద్దు. నేను రాసిందే కొట్టు.”

“నీ ఇష్టం భాయ్, నాకేం ఫికర్,” అని స్వీటీనే భాయ్ చేసి, ఆమె చెప్పినట్టే కొట్టాడు. అంతవరకూ నేను చూశాను.

ఆమె వెళ్లాక, కళాకారుడికి కడుపు మండినట్టుంది, తన రకం లెటర్ కూడా ఒకటి తయారు చేశాడు. రెండు పేజీలు. కింద సంతకం లేకపోతే బోసిగా ఉంటుందని, ఆమె పాత ఫారం మీది సంతకాన్ని స్కాన్ చేసి అతికించాడు. సాయంత్రం ప్రింటు తీసుకోవడానికి ఇశ్రాయేలు వెళితే రెండూ ముందు పెట్టి, “అంకుల్, ఇది బిడ్డ రాసింది, ఇది నేను రాసింది. మీరే చూడున్రి,” అన్నాడట.

ఇశ్రాయేలు చూశాడు. ఒకటి ఒక పేజీ, రెండోది రెండు పేజీలు, దళసరి కాగితం. ఇంజను ఆయిలు కూడా చిక్కగా ఉన్నదే మంచిదని నమ్మే మనిషి. దళసరిదే బిడ్డ సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టించి, మర్నాడు డ్యూటీకి పోతూ మలక్‌పేటలో ఇచ్చేసి వచ్చాడు. బిడ్డకు చెప్పలేదు. ఆమె అడగలేదు.

నాలుగో రోజు ఇంటర్వ్యూకు రమ్మన్నారు. తండ్రీ కూతుళ్లను నా ఆటోలోనే తీసుకెళ్లాను. మా మొఘల్‌పురా నుంచి మలక్‌పేట ఏడు నిమిషాల్లో చేర్చిన చరిత్ర నాది. ఆ రోజు మాత్రం ముప్పావుగంట పట్టింది, స్వీటీ కంగారు పడకూడదని నిదానంగా నడిపాను. నర్సింగ్ సూపరింటెండెంట్ గదికి గోడ సగమే, పైన అద్దం, ఆ అద్దంలో ఒక పలక లేదు. బయటి బల్ల మీద నేనూ ఇశ్రాయేలూ కూర్చుంటే లోపలి మాట లౌడ్‌స్పీకర్లో వచ్చినట్టు వచ్చింది.

సూపరింటెండెంట్ పేరు తనూజ. ఆమె గొంతు వింటేనే థర్మామీటర్లో పాదరసం దిగిపోతుంది.

“నువ్వు టైట్ డెడ్‌లైన్లలో డెలివరీలు చేస్తవని రాసినవ్. మా దగ్గర డెలివరీలు కావమ్మా, గవి పక్క బిల్డింగుల. మేం పుట్టినంక చూస్తం.”

ఇశ్రాయేలు నా వైపు తిరిగి, “మంచిగనే అడుగుతుంది కదా?” అన్నాడు.

“పిల్లల వార్డుల ఆరు వారాలు. ఆదివారాలు తీసేస్తే ముప్పై ఆరు దినాలు. నాలుగు వందల పది కాన్యులాలు నువ్వే పెట్టినవ్. దినానికి పదకొండు. మా వార్డుల ఇంత రద్దీల గూడ అందరం కలిసి అన్ని పెట్టం. మీ దవాఖానాల పిల్లలకు ట్రీట్‌మెంటు ఇచ్చిన్రా, స్వెటర్లు అల్లిన్రా?”

“మేడం, ఒక్కసారి ఆ లెటర్ చూపిస్తరా?” అంది స్వీటీ. కాగితం తిప్పిన చప్పుడు. “ఇది నేను రాయలేదు మేడం.”

“సంతకం?”

“నాదే. నేను పెట్టలే. అతికిచ్చిన్రు.”

“ఎవరు?”

స్వీటీకి అప్పటికి తండ్రి సంగతి అర్థమై ఉండాలి. పేరు చెప్పలేదు. “ఫైల్ ఇచ్చేముందు నేను చూసుకోలేదు మేడం. తప్పు నాదే.”

“మందు ఇచ్చేముందు ఎన్నిసార్లు చూస్తం?”

“మూడుసార్లు. తీసేటప్పుడు, కలిపేటప్పుడు, ఇచ్చేటప్పుడు.”

“నీ ఫైల్ ఒక్కసారి గూడ చూడలే. రేపు నువ్వు చూడకుండ ఇచ్చిన సిరంజి పోయేది నాలుగు కిలోల బిడ్డకు.”

ఇంజను రోగం ఏమిటో ఇశ్రాయేలుకు ఇప్పుడు తెలిసింది. లేవబోతే నేను చొక్కా పట్టి కూర్చోబెట్టాను. ఆయన లోపలికి వెళ్లి క్షమాపణ అడిగితే ఇరవై రెండేళ్ల నర్సు ఇంకోసారి చిన్నపిల్లవుతుంది. ఇది నేను అప్పటికప్పుడు ఆలోచించిన గొప్ప సంగతి, కావాలంటే ఆయన్నే అడగండి.

“సరే,” అంది తనూజ మేడం. “నీ పేరు మీద తప్పులున్నయి. దిద్దు. పెన్ను అక్కడుంది, వైట్‌నర్ అక్కడుంది. నేను రౌండ్‌కు పోయొస్త.”

ఆమె బయటికి వచ్చి, మమ్మల్ని రెండు సెలైన్ సీసాలను చూసినట్టు చూసి వెళ్లిపోయింది. నేను పలక లేని చోటి నుంచి తొంగిచూశాను. స్వీటీ వైట్‌నర్ ముట్టలేదు. కేస్‌షీట్‌లో తప్పు పడితే నర్సులు ఏం చేస్తారో అదే చేసింది. తప్పు మాట మీద ఒకే ఒక్క గీత, కింది అక్షరాలు చదవడానికి వచ్చేలా. పైన సరైన మాట. పక్కన పొట్టి సంతకం, తేదీ, టైము. నాలుగు వందల పదికి గీత, పైన నలభై ఒకటి. ‘చేశాను’కి గీత, పైన ‘సాయం చేశాను’. డెలివరీలకు ఒకటి. వెంటిలేటర్లు ఒంటిచేత్తో నడిపిందట, దానికొకటి. శ్రవణ్‌కుమార్ కళాఖండం నిండా గీతలే, ఒక్కటీ వంకర పోలేదు.

తనూజ మేడం వచ్చి చదివింది. చాలాసేపు చదివింది.

“ఇక్కడ ‘మూడు’ ఉంది. ఫైల్లున్న నీ కాలేజీ లాగ్‌బుక్కుల గూడ మూడే ఉంది. దాన్నెందుకు కొట్టి రెండు చేసినవ్?”

“లాగ్‌బుక్కుల మూడుసార్లు ట్రై చేసిన అని ఉంది మేడం. మూడోది నరం దొరకలే. సిస్టర్ మళ్ల పెట్టింది. నేను రాసిన లెటర్ల గూడ మూడు అనే రాసిన. గది నా తప్పు, అతికిచ్చినోళ్లది కాదు.”

“వైట్‌నర్ ఎందుకు వాడలే?”

“కింద ఏమున్నదో కనవడాలె కదా మేడం.”

తర్వాత వచ్చిన మాటలు వెటకారంగానే వచ్చాయి, ఆ మనిషికి ఇంకో రకం గొంతు ఉన్నట్టు లేదు.

“స్టాఫ్ నర్సుగ తీసుకోను. ట్రైనీగ ఆరు నెలలు. మొదటి నెల మందుల ట్రే ముట్టొద్దు, పక్కనుండి చూడు. సోమవారం ఏడున్నరకు. ఈ రెండు కాగితాలు నీ ఫైల్లనే ఉంటయి.”

ఆటో చాదర్‌ఘాట్ దాటాక ఇశ్రాయేలు, “నేను లావుగ ఉన్నది మంచిదనుకున్న బిడ్డా,” అన్నాడు.

“తెలుసు డాడీ.”

“ట్రైనీ అంటే తక్కువనా?”

“తక్కువనే. కాని పిల్లల వార్డే.”

లాల్‌దర్వాజా రాగానే స్వీటీ నాతో, “నందన్నా, శ్రవణ్ షాపు కాడ ఆపు,” అంది.

శ్రవణ్‌కుమార్ మమ్మల్ని చూసి కూలర్ వేగం పెంచాడు. “సిస్టర్, ఏమైంది? వచ్చిందా జాబ్? చెప్పిన కదా! లెటర్ల దమ్ముండాలె!”

నేను నవ్వు ఆపుకోలేక దగ్గాను. ఇతనికి అబద్ధం ఆడడం రాదు సరే, దొరికిపోయిన సంగతి కనిపెట్టడం కూడా రాదు.

“నా సంతకం తీసెయ్,” అంది స్వీటీ.

“ఏంది?”

“కంప్యూటర్ల దాచినవ్ కదా, నా సంతకం. తీసెయ్. నేను చూస్తుంటే తీసెయ్.”

“జాబ్ వచ్చినంక గూడ లొల్లేంది సిస్టర్?” అని గొణుగుతూ నొక్కాడు. అది చెత్తబుట్ట బొమ్మలోకి వెళ్లింది. ఆమె కదల్లేదు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. అయినా కదల్లేదు. రేపు వార్డులో ఏడ్చే పిల్లాడి ముందు కూడా ఇలాగే నిలబడుతుందేమో.

“అయిపాయె కదా!” అన్నాడు.

“పెన్‌డ్రైవ్?” అని, కంప్యూటర్ పక్కన గుచ్చి ఉన్నదాని వైపు స్వీటీ అరచేయి చాపింది.