బొత్తాల పట్టీలో దాగిన రంగు

పదేళ్లుగా ఆదివారం ఆరాధనలో వాక్యం చదవడానికి వేసుకునే నా లేత నీలం చొక్కా కాలరు చిరిగిపోయింది. ఆ రోజు ఇంకో చొక్కా వేసుకుంటే నాకు ఎవరిదో తొడుక్కున్నట్టు ఉంటుంది. అచ్చం అలాంటిదే కుట్టించుకోవాలని దాన్ని అల్లూరుకు తీసుకెళ్లాను. అక్కడ బట్టల కొట్టు అరుగు మీద ఒక దర్జీ మిషను పెట్టుకుని కుడతాడు.

ఆయన చొక్కాలోంచి ఒక దారం లాగి అగ్గిపుల్లతో అంటించాడు. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలింది.

"ప్యూర్ కాటన్ అన్నా. పాలిస్టరు కలిసుంటే కరిగి ఉండకట్టేది."

మరి ఏ మిల్లుది? ఆయన బొత్తాల పట్టీ కుట్టు విప్పితే లోపల గుడ్డ అంచు బయటపడింది. దాని మీద మిల్లు పేరు సగం అచ్చు మిగిలి ఉంది! కొట్టు యజమాని తానుల అంచులన్నీ చూసి, ఆ పేరే ఉన్న తాను ఒకటి దించాడు. తీరా చూస్తే అది ముదురు నీలం.

"ఇది కాదు," అన్నాను నీరసంగా.

"తొందరపడబాకన్నా," అంటూ దర్జీ పట్టీ లోపలి మడతను ఆ తాను గుడ్డకు ఆనించి పెట్టాడు. ఎండా రాపిడీ తగలని ఆ మడత, కొత్త తాను ఒకే రంగు.

"అప్పుడు నువ్వు కొన్నది ఇదే. లేత నీలం చేసింది ఎండా, వదిన ఉతుకుడూ!"

"స్తోత్రం ప్రభువా!" అని నేను పెట్టిన కేకకు రోడ్డు మీద రొయ్యల మేత దించుతున్నవాళ్లు ఇటు తిరిగారు. యజమాని ఎంత కొయ్యాలని అడిగితే, రెండు చొక్కాలకని చెప్పాను.