తల ఊపిన సాక్షి

హాడో రేవులో ఒక కూలీ చనిపోయిన కేసుకి దుబాసీగా రమ్మని కోర్టు నుంచి కబురొస్తే నాకు భయమేసింది. నేను పోర్ట్ బ్లెయిర్‌లో పిల్లలకి తెలుగూ హిందీ చెప్పుకునే బడిపంతులుని. బళ్లో నా మాట తప్పయితే పిల్లలు నవ్వుతారు. కోర్టులో తప్పయితే ఒక మనిషి జైలుకి పోతాడు.

క్రేను ఎత్తిన బస్తాల కట్ట ఊగిపోకుండా పక్కనుంచి తాడుతో పట్టి ఉంచుతారు. ఆ రోజు కట్ట ఊగింది, కింద ఉన్న కూలీని కొట్టింది. తాడు పట్టుకున్నవాడు శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. అతన్ని హిందీలో అడిగి, హిందీలోనే రాసిన వాంగ్మూలం మేజిస్ట్రేటు ముందు ఉంది. దాన్ని అతని భాషలో వినిపించాకే వేలిముద్ర వేయించాలి. నన్ను పిలిచింది అందుకే.

ముందు గుమాస్తా హిందీలో చదివాడు. తాడు పట్టినతను వాక్యం వాక్యానికీ తల ఊపాడు. గుమాస్తా నావైపు తిరిగి, "మీతో పనేముంది మాస్టర్‌జీ! సబ్ సమఝ్ రహా హై," అన్నాడు, అతనికి అంతా అర్థమవుతోందట.

ఆ తల ఊపడం నాకు కొత్త కాదు. మా బడికొచ్చే తల్లిదండ్రులందరూ అలాగే ఊపుతారు. సంస్కృతం మాటలు అటు హిందీలోకీ వెళ్లాయి, ఇటు తెలుగులోకీ వచ్చాయి. నవాబుల కచేరీల్లోని ఫారసీ, అరబ్బీ మాటలూ అంతే. అంతేగాని ఈ రెండూ ఒక తల్లి బిడ్డలు కావు, ఇరుగుపొరుగులు, అంతే. కారణ్, మృత్యు, అపరాధ్, హాజిర్, వకీల్ అని చదివితే అతనికి తన మాటలే వినిపించాయి. నాకూ అవి మేలే, మాట కోసం వెతుక్కోకుండా ఎత్తి ఇటు పెట్టేయొచ్చు. కొన్ని మాత్రం నిలువునా ముంచుతాయి. 'శిక్షా విభాగ్' అన్న బోర్డు చూసి, పిల్లల్ని కొట్టే ఆఫీసు అనుకుని గుమ్మంలోనే ఆగిపోయిన తల్లిని నేనెరుగుదును. హిందీలో శిక్ష అంటే చదువని చెప్పినా ఆవిడ నమ్మలేదు. ఇలాంటి మాటల కంటే నాకు భయం మిగతా వాటితోనే. ఎవరు చేశారు, ఎవరికి చేశారు, చేశారా లేదా అన్నది చెప్పే చిన్న మాటలు రెండు భాషల్లోనూ ఏమాత్రం కలవవు. ఆ ఖాళీలన్నీ అతను తన మనసుకి తోచినట్టు నింపుకుంటున్నాడు.

లేచి, మేజిస్ట్రేటు గారిని అనుమతి అడిగాను. "ఇతను ఏం విన్నాడో ఇతని నోటనే చెప్పించండి."

ఆయన విసుగ్గానే సరేనన్నారు.

అతను ధీమాగా చెప్పాడు. "నాను హాజరయినానని రాసినారు బాబూ. ఆడి మృత్యువుకి కారణం ఆ తాడేనని. అపరాధం ఎవులిదీ కాదని."

కాగితంలో ఉన్నది, మృత్యువుకి కారణం తనేనని, అపరాధం ఒప్పుకున్నానని. మొదట హిందీలో అడిగినప్పుడు ఊపిన తలకాయే అలా వాంగ్మూలమై కూర్చుంది. నేను ఆ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పగానే గుమాస్తా ముఖం పాలిపోయింది. మేజిస్ట్రేటు ఆ కాగితం పక్కన పెట్టించి, మళ్లీ మొదట్నుంచి నాచేత అడిగించారు.

ఈసారి ప్రతి ప్రశ్నా అచ్చంగా అతని ఊరి మాటల్లో వేశాను. తాడు తెగిందా, నువ్వు వదిలేశావా?

అతను తల ఊపలేదు. నేల చూశాడు. అర్థం కావడమంటే ఇంత భయమా అనిపించింది నాకు.

"తెగలేదు బాబూ. సేతులు కాలిపోయినాయి, వొగ్గేసినాను." అరచేతులు తెరిచాడు. చర్మం లేచిపోయి ఉంది.

కాస్త మెత్తగా 'జారిపోయింది' అంటే ఎవరికి తెలుస్తుంది? కానీ 'ఛోడ్ దియా', వదిలేశాడు అనే చెప్పాను. మేజిస్ట్రేటు తలెత్తి, తాడు మీద ఇంకెవరున్నారని అడిగారు.

అతని చూపు నా భుజం మీదుగా వెనక బెంచీ దాకా పోయింది. తిరిగి చూశాను. అక్కడ రేవు కూలీల మేస్త్రీ కూర్చుని ఉన్నాడు.

"ఇద్దరుండాలి బాబూ. రెండోవోణ్ని మేస్త్రీయే ఇంకో పనికి పంపేసినాడు," అని నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "ఇదీ సెప్పేత్తారా? రేపు మళ్లీ ఆడి కిందే పన్సెయ్యాల."

"నీ నోట వచ్చిందంతా చెప్పాలయ్యా. నాకు వేరే దారి లేదు."

అతను మళ్లీ వెనక బెంచీ వైపు చూశాడు. గది మొత్తం మా ఇద్దరి వైపే చూస్తోంది.

"అయితే గట్టిగా సెప్పండి," అన్నాడు. "ఆడికి కూడా ఇనపడాల."