గాలి పట్టిన మనిషి

హౌస్ సర్జన్‌గా చేరిన మూడో నెలకే ఎక్స్‌రేలు చదవడంలో నన్ను మించినవాడు కలకత్తాలో లేడని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదు.

మా ఆసుపత్రి రేవు పక్కనున్న వాట్‌గంజ్‌కి దగ్గర. ఒక మధ్యాహ్నం రేవులో బస్తాల మీంచి పడ్డ కూలీని తీసుకొచ్చారు. మనవాడే, శ్రీకాకుళం వైపు మనిషి. మాట్లాడలేక రొప్పుతున్నాడు. వెంట ఉన్న భార్య తెలుగు డాక్టరు దొరికాడని నా చెయ్యి పట్టుకుంది.

"గాలి పట్టేసినాది బాబూ. లోన నిండిపోతంది. ఏటైనా సెయ్యండి."

గాలి పట్టడమంటే మన ఊళ్ళలో దెయ్యం పట్టడం. నేను చదువుకున్నవాణ్ణి కదా, నవ్వాను. "గాలీ లేదు, ధూళీ లేదమ్మా. ముందు ఫొటో తీయిద్దాం" అని ఎక్స్‌రేకి రాసేశాను. రోజూ పోయే కరెంటు ఆ పూట పోలేదు. పోయి ఉంటే అతనికి మేలు జరిగేది.

ఫిల్ము తడి ఆరకుండానే కిటికీకి పెట్టి చూశాను. కుడివైపంతా నలుపు. ఊపిరితిత్తిలో కనపడాల్సిన సన్నటి రక్తనాళాల గీతలు ఒక్కటీ లేవు. ఊపిరితిత్తి పిడికిలంత ముడుచుకుపోయి గుండె పక్కన నక్కింది, దాని అంచు సన్నటి తెల్లగీతలా ఉంది. శ్వాసనాళం, గుండె ఎడమవైపుకి జరిగిపోయాయి. "ఎంత చక్కగా వచ్చింది!" అని పైకే అన్నాను. ఆ సిగ్గు నాకింకా తీరలేదు.

అన్నగారన్నట్టు మేమంతా దాదా అని పిలిచే మా సీనియర్ డాక్టరు వెనకనుంచి బెంగాలీలో అరిచాడు. "ఫిల్ము చూశావు సరే, మనిషిని చూశావా?"

చూశాను. పెదవులు నీలం. మెడ నరాలు ఉబ్బిపోయాయి. నాడి అందీ అందకుండా ఉంది. దాదా క్షణం ఆగలేదు. కుడి కాలరు ఎముక కింద, రెండో పక్కటెముకకీ మూడోదానికీ మధ్య లావుపాటి సూది దించాడు. బుస్సుమంటూ గాలి బయటికొచ్చింది. కాసేపటికి నాడి చేతికి తగిలింది. తర్వాత పక్కటెముకల మధ్య గొట్టం వేశాం.

"ఈ ఫిల్ము అసలు ఉండకూడదు" అన్నాడు దాదా. "పీల్చిన ప్రతిసారీ గాలి ఊపిరితిత్తి చుట్టూ చేరుతుంది, బయటికి పోదు. గుండెను పక్కకి నెట్టి, రక్తం గుండెకి తిరిగి రాకుండా చేస్తుంది. ఫొటో కోసం ఆగితే ఫొటోయే మిగులుతుంది."

సాయంత్రం ఆవిడ ఫిల్ము చూపించమంది. భయంగా చూపించాను.

"ఈ నల్లటిదంతా ఏటి బాబూ?"

"గాలమ్మా" అన్నాను.

ఆవిడ కోపంగా కూడా అనలేదు. "అదే కదా బాబూ నాను సెప్పినాను."