నోటీసులో రాయని రాయి

ఆళ్లగడ్డ శివార్లలో విత్తనాలు శుద్ధి చేసే ప్లాంటు ఒకటుంది. అందులో కాగితాల పని నాది. ఒప్పందాలు, ఉత్తరాలు, సెలవు చీటీలు, గేటు పాసులు, అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. నంద్యాల నుంచి రోజూ శిరివెళ్ల మీదుగా బస్సులో వెళ్లి వస్తుంటాను. నాకో జబ్బుంది. తప్పు మాట కంటబడితే ఊరుకోలేను. చుట్టాల పెళ్లి పత్రికలో కూడా పెన్ను పెట్టి దిద్దుతానని మా ఆవిడ నన్ను ముందు వరసలో కూర్చోనివ్వదు. అంతటివాణ్ని, ఒకే ఒక్క కాగితం రాయలేక పదిరోజులు నీళ్లు నమిలాను.

మా ప్లాంటులో కూలీలకూ సిబ్బందికీ మధ్యాహ్నం భోజనం ఒక అక్క పంపేది. ఆళ్లగడ్డలో చర్చి వీధిలో ఆమె వంటిల్లు. ఆమె కింద ఆరుగురు ఆడవాళ్లు పనిచేసేవాళ్లు. ఎనిమిదేళ్లుగా పన్నెండున్నర కొట్టేసరికి ఆమె ఆటో గేటు దగ్గర ఉండేది. మా గడియారం ఆగిపోయినప్పుడు ఆ ఆటోను చూసి సరిచేసుకున్నాం.

ఉన్నట్టుండి హైదరాబాదు ఆఫీసు నుంచి కబురొచ్చింది. అన్ని ప్లాంట్లలోనూ సొంత వంటగదులు కడుతున్నారట. బయటివాళ్ల ఒప్పందాలు ఆపేయమన్నారు. ఆమె తప్పు వీసమెత్తు లేదు. మా ఒప్పందంలో పదమూడో షరతు ఇలాంటి దానికోసమే ఉంది. ముప్పై రోజుల ముందు రాతపూర్వకంగా తెలిపి, ఏ కారణమూ చూపకుండా, ఏ పక్షమైనా ఒప్పందాన్ని ముగించుకోవచ్చు. ఆ వీలు మాకెంత ఉందో ఆమెకూ అంతే ఉంది.

కాగితం చూస్తే ఇంత సులువు. అయితే అంతకు ముందు వారమే ఆమె ఒక దరఖాస్తు పట్టుకుని నా దగ్గరకొచ్చింది. రుద్రవరం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ హాస్టలుకు భోజనం పెట్టే పని కోసం. నేనే నింపిపెట్టాను. అందులో తొమ్మిదో గడి ఇలా ఉంది: 'మీ తప్పిదం వల్ల గతంలో ఏ ఒప్పందమైనా రద్దయిందా? ఏదైనా ముగిసి ఉంటే ఆ నోటీసు నకలు జతచేయండి.' అప్పుడు 'లేదు' అని గుండ్రంగా రాశాను. దరఖాస్తు ఇంకా పంపలేదు, ఇప్పుడు దానికి జతచేసే నోటీసు రాయాల్సినవాణ్ని నేనే. మా పని పోయాక ఆమెకు మిగిలేది ఆ హాస్టలు ఒక్కటే. నా కాగితంలో ఒక్క మాట అడ్డం తిరిగినా ఏడు పొయ్యిలు ఆరిపోతాయి.

మొదటి తప్పు నాదే. బద్ధకించి కంప్యూటర్లో ఉన్న పాత నోటీసు తీశాను. అది దొంగతనం కేసులో కాపలా ఏజెన్సీని పంపేసినప్పటిది. పేరు మార్చి అచ్చు తీసి చదువుకుంటే నాకే సిగ్గేసింది. 'మీ నిర్లక్ష్య వైఖరి'ని తీసేశాను కానీ 'తీవ్రంగా పరిగణిస్తూ' అలాగే మిగిలింది. భోజనం పెట్టిన మనిషిని తీవ్రంగా పరిగణించడం ఏమిటో!

దాన్ని మళ్లీ రాసి మా మేనేజరు ముందు పెట్టాను. ఆయన మంచివాడే, కానీ ఆయనకొక పన్ను లేదు. మూడేళ్ల కిందట ఆమె పంపిన పప్పన్నం తింటుండగా రాయి తగిలి దవడ పన్ను విరిగింది. అప్పటినుంచి ప్లాంటులో ఏ విషయం మాట్లాడినా చివరికి ఆ పన్ను దగ్గరికే వచ్చి ఆగుతుంది. నోటీసులో కారణం లేదని చూసి ఆయన మొహం చిన్నబోయింది.

"ఏందప్పా ఇది, ఉత్తగా ఆపుతాండామని రాసినావు. రాయి గురించి రాయి."

రాయకూడదన్నాను. ఆయన వినలేదు. నా చేతిలో పెన్ను లాక్కుని 'మూడేళ్ల నాటి సంఘటనను మేము మరువకపోయినప్పటికీ' అని తానే చేర్చాడు. పన్ను పోయిన చోట నాలుకతో తడుముకుంటూ మరీ రాశాడు.

ఇది నా వల్ల కాదని, ఆయన్ను వెంటబెట్టుకుని నంద్యాలలో మా ప్లాంటు కేసులు చూసే ముసలి వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితాన్ని దీపానికి దగ్గరగా పెట్టి చదివి, కళ్లద్దాలు తీసి మేనేజరుతో నెమ్మదిగా చెప్పాడు. పదమూడో షరతు కింద ఆపితే కారణం అక్కర్లేదు. తప్పు ఎత్తి చూపితే అది పన్నెండో షరతు. దానికింద ముందు తప్పేమిటో రాసి, సరిదిద్దుకోవడానికి పదిహేను రోజుల గడువివ్వాలి. పదమూడు అని పైన రాసి కింద తప్పు ఎత్తి చూపితే, రేపు ఆమె కాదన్నప్పుడు రుజువు చేయాల్సిన బాధ్యత మన నెత్తిన పడుతుంది.

"పన్ను ఇరిగినాక గడువు ఇచ్చినావా సామీ? ఇయ్యలేదు. మూడేండ్లు అదే పప్పు తిన్యావు. జడ్జి ఏమనుకోవాల?"

మేనేజరు గోడ మీది క్యాలెండరు చూశాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని వకీలు ఆ వాక్యం మొత్తం కొట్టేశాడు.

తర్వాత నా వంతు. 'మిమ్మల్ని తొలగిస్తున్నాము' అని రాశాను. ముగిసేది ఒప్పందం, తొలగేది మనిషి కాదన్నాడు. 'రద్దు' అంటే ఊళ్లో రేషను కార్డు రద్దయినట్టు వినబడుతుందని 'ముగింపు' చేశాడు. 'మా సౌకర్యార్థం' అని రాస్తే ఆమె వల్ల మనకు అసౌకర్యం కలిగిందేమో అనిపిస్తుందట. షరతు నంబరు వేస్తే చాలు, అందులో ఏముందో అదే చెబుతుందన్నాడు. 'మా హక్కులకు భంగం లేకుండా' అన్నది ఒకవైపే ఉంటే ఏదో దాచిపెట్టి బెదిరించినట్టుంటుంది. అందుకని 'ఆ తేదీ వరకు ఇరుపక్షాలకు ఏర్పడిన హక్కులు, బాధ్యతలు యథాతథంగా ఉంటాయి' అని మార్చాడు.

పోనీ పొగుడుదామని 'మీ సేవలు బాగానే ఉన్నప్పటికీ' అని అడుగున మెత్తగా చేర్చాను. ఆ 'నే' ఒక్కటి, ఆ 'ప్పటికీ' ఒక్కటి, రెండూ కలిసి ఆమెను నిలువునా ముంచుతాయన్నాడు. పొగడాలనుంటే వేరే కాగితం మీద, వేరే అనుభవ పత్రంగా ఇమ్మన్నాడు. నోటీసులో ఉండాల్సింది ఏ ఒప్పందం, ఏ షరతు, ఏ తేదీ, అప్పటిదాకా జరగాల్సిన పనేమిటి, చేసిన పనికి చెల్లింపు ఎలా. అంతే. ముప్పై ఏళ్లుగా తెలుగు దిద్దుతున్న నా వాక్యాలు ఆ పూట అంట్లగిన్నెల్లా ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. రోషం వచ్చింది. కానీ ఆయన చెప్పిందాంట్లో ఒక్కటీ తప్పు లేదు.

ఒప్పందం ప్రకారం నోటీసు రిజిస్టరు పోస్టులో, రసీదుతో వెళ్లాలి. మా ప్రాంతంలో రిజిస్టరు కవరు వచ్చిందంటే వీధంతా కోర్టు కేసనే అనుకుంటుంది. అందుకని పోస్టు చేయకముందే ఒక నకలు పట్టుకుని ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె ఇంటికి వెళ్లాను. హైదరాబాదు నిర్ణయం సంగతి నోటితో చెప్పాను. ఆమె పదో తరగతి చదివింది. వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. చదివాక ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎనిమిదేండ్లు తిని, ఆపేదానికి కారణం కూడా రాయలేదేందన్నా? నువ్వు రాయకపోతే ఊళ్లో నలుగురు నాలుగు రాస్తారు."

ఇది నేను ఊహించలేదు. కారణం రాయకపోవడమే ఆమెకు మేం చేసే మర్యాద అనుకుంటూ వచ్చాను. మా వైపు కారణం చెప్పకుండా కోడిని కూడా తరమరు. దరఖాస్తులోని తొమ్మిదో గడి గుర్తుచేశాను. ఎంత మంచి కారణమైనా దాన్ని లాగి తప్పుగా చదివేవాడు ఉంటాడని, కారణమే లేకపోతే పట్టుకునేందుకు పిడి ఉండదని చెప్పాను. హైదరాబాదు సంగతి కావాలంటే అనుభవ పత్రంలో రాయిస్తానన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ మొదటినుంచి చదివింది. ఒకచోట వేలు ఆగింది. అక్కడ 'పై తేదీ తర్వాత భోజనం సరఫరా చేయరాదు' అని ఉంది.

"చేయరాదు అంటే? గోడల మీద 'ఈడ మూత్రం పోయరాదు' అని రాస్తారే, ఆ రాదేనా అన్నా?"

వకీలు కంట్లో పడలేదు, నా కంట్లోనూ పడలేదు. నిజంగానే ఏదో చెడ్డపని చేస్తున్న మనిషిని ఆపినట్టుంది. ఏమని రాయమంటావక్కా అని అడిగాను. "సరఫరా ముగుస్తుంది అని రాయి. మొదలైంది, ముగుస్తుంది. అంతే కదా." పెళ్లి పత్రికలు దిద్దే నేను తలొంచుకుని దిద్దాను.

సోమవారం మేనేజరు సంతకమై కవరు పోస్టుకు వెళ్లింది. ఆమె అందుకున్న తేదీ నుంచి ముప్పై రోజులు లెక్క. ఆ ముప్పై రోజులూ ఆటో పన్నెండున్నరకే వచ్చింది. సాంబారు పలచబడలేదు. ఒక వారం గడిచాక హాస్టలు నుంచి ఫోనొచ్చింది. నేనే తీశాను. మీ నోటీసు నకలు చూశాం, పెద్దవాళ్లతో మాట్లాడాలి అన్నారు. మేనేజరుకు ఇచ్చి స్పీకరు నొక్కాను.

అవతలి గొంతు సూటిగా అడిగింది. ఉత్తపుణ్యానికి ఎవరూ ఆపరు కదా, వంటలో ఏదైనా తేడా వచ్చిందా? పురుగులు, రాళ్లు, అట్లాంటివేమైనా?

రాళ్లు అనగానే మేనేజరు నాలుక ఆ ఖాళీ దగ్గరికి వెళ్లింది. దవడ కదలడం కనిపించింది. మూడేళ్లుగా ఆ కథ వినడానికి కొత్త మనిషి దొరికితే ఆయన భోజనం కూడా మానేసేవాడు. నేను ఇటు నుంచి చేతులు జోడించాను.

"ఒప్పందంలో ఉండే వీలు సార్ అది. వాడుకున్యాం. కారణం ఆమె దగ్గర లేదు, మా హైదరాబాదులో ఉంది," అన్నాడు. అని ఫోన్ పెట్టేసి మంచినీళ్లు తాగాడు. ఆ మనిషి మీద నాకు ఆ రోజు పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

హాస్టలు పని ఆమెకే వచ్చింది. ఆఖరి రోజున ఆటోతో పాటు ఆమె కూడా వచ్చి, మేనేజరు గదిలో ఒక చిన్న క్యారియరు పెట్టింది. అందులో అన్నం, పప్పు, కాస్త నెయ్యి. ఆయన ముద్ద కలుపుతుంటే తలుపు దగ్గరే నిలబడింది. పోవమ్మా, నీ కాగితాలన్నీ సరిగానే ఉన్నాయిలే అన్నాడాయన.

"కాగితంలో మీరు రాయలేదు కాబట్టి చెప్తాండా సార్. రాసింటే కాదని కొట్లాడేదాన్ని," అంది. "ఆ రోజు రాయి మా పప్పులోదే."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"ఇది నేనే ఏరినా సార్. రెండు తూర్లు. పన్ను ఇరిగిన పక్కనే నమలండి."