మిల్లు యజమాని మాట

ఇంగ్లండులోని హాలిఫాక్స్ బడి కిటికీలకు పొగమంచు మెత్తగా ఆనుకుని ఉంది. మోరీన్ టీచరు చరిత్ర పాఠంలో తేదీలు బట్టీ పట్టించడం మానేసి, పాత కాగితాలు చదివించడం మొదలుపెట్టి ఏడాదైంది. ఈ పద్ధతి ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి హెడ్మాస్టరు వెనక బెంచీలో కూర్చున్నాడు.

పిల్లల ముందు నూరేళ్ళు దాటిన పత్రిక ముక్క ఉంది. అందులో ఒక బట్టల మిల్లు యజమాని, "మా మిల్లులో పిల్లల్ని ఎవరూ కొట్టరు, వాళ్ళు పాడుకుంటూ పనిచేస్తారు" అని రాశాడు.

"సొంత డబ్బా మిస్! చెత్తబుట్టలో పడేద్దాం," అన్నాడు కీత్.

మోరీన్ వెనక బెంచీ వైపు ఒకసారి చూసింది. "పడేద్దువుగాని. ముందు, ఎందుకు రాశాడో చెప్పు."

మంచులో ఎక్కడో మగ్గాలు ఆడుతున్నట్టనిపించింది. షీలా మెల్లగా అంది: "కొడుతున్నారని ఎవరో గట్టిగా అనుంటారు మిస్. లేకపోతే ఈయనకి చెప్పుకునే పనేంటి? కొట్టారో లేదో తేలదుగానీ, గొడవైతే జరిగింది."

హెడ్మాస్టరు ముందుకు వంగాడు. "మరి కొడుతున్నారని అన్నవాళ్ళ మాట ఎక్కడ దొరుకుతుందమ్మా?" అని షీలానే అడిగాడు.